రమ్య చెప్పిన రింగు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పంపులకు, కంప్రెసర్లకు రబ్బరు రింగులు అమ్మే జైపాల్ దుకాణంలో క్లారా పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. తండ్రి సుందర్‌రాజు ఫిట్టరు. ఆయన ఇంటికి తెచ్చే పాత రింగులను గోటితో నొక్కి ఏ రబ్బరో చెప్పడం ఆమెకు ఇంటర్ నాటికే అలవాటు. అందుకే నిరుడు జైపాల్ వెబ్‌సైటులో చాట్ పెట్టించినప్పుడు, దానంతటదే బదులిచ్చే బాట్ చెప్పాల్సిన జవాబులు రాసే పని ఆమెకే అప్పగించాడు.

దుకాణం ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడుంది, ఏ సైజు స్టాకులో ఉంది అని అడిగితే బాట్ వెంటనే చెప్పేది. దాంతో ఆదివారం చర్చిలో ఉన్నప్పుడు కొనేవాళ్ల ఫోన్లు ఆమెకు రావడం ఆగిపోయింది. ప్రశ్నలో ‘కెమికల్’ అన్న మాట కనబడితే వైటాన్ అనే రబ్బరు రింగు చెప్పమని కూడా రాసింది. కౌంటరు దగ్గర కెమికల్ రింగు అడిగేవాళ్లంతా మందుల ఫ్యాక్టరీల వాళ్లే. సాల్వెంట్లకు వాళ్లు వాడేది అదే.

జైపాల్ తన వంతుగా రెండు చేర్చాడు. బాట్‌కు రమ్య అని పేరు, నవ్వుతున్న అమ్మాయి ఫొటో. చాట్ మొదలవ్వాలంటే ఫోన్ నంబరు ఇచ్చి తీరాలి.

గురువారం పదకొండున్నరకు కౌంటరు ఖాళీ అయ్యాక క్లారా ఆ పూట చాట్లు తెరిచింది. చిన్నరాములు, కోల్డ్ స్టోరేజీ, జోగిపేట. పదకొండుంబావుకు అడిగాడు: ‘అమోనియా కెమికల్ లైన్‌కు ఏ రింగు? మా దగ్గర వైటాన్ ఉంది, వెయ్యొచ్చా?’

‘కెమికల్ లైన్లకు వైటాన్ ఉత్తమం. ధన్యవాదాలు!’ అంది రమ్య.

కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే అమోనియా గ్యాసుకు వైటాన్ పనికిరాదు. గట్టిపడి పగులుతుంది. ఆ సందులోంచి గ్యాసు వస్తే ఆ గదిలో ఉన్నవాళ్లకు ఊపిరాడదు.

క్లారా నంబరు చూసింది. పది తొమ్మిదులు. నంబరు అడిగితే విసుగొచ్చినవాళ్లందరూ వేసేది అదే.

‘అన్నా, ఆ రింగు వెయ్యొద్దు. అమోనియాకు నియోప్రిన్ కావాలె’ అని టైపు చేసింది. అతని పేరు పక్కన పచ్చచుక్క ఉంది. అంటే పేజీ ఇంకా మూయలేదు. కానీ జవాబు లేదు.

“సార్, జోగిపేటల కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఎవరన్న తెలుసా?”

“ఏమైంది క్లారమ్మా?” అన్నాడు జైపాల్. సంగతి విని గొంతు తగ్గించాడు. “మిషన్ చెప్పింది గదా, మనం చెప్పలే.”

“మిషన్‌కు రాసిచ్చింది నేనే గద సార్.”

ఆమె మళ్లీ టైపు చేసింది. మళ్లీ. మూడోసారికి జవాబు వచ్చింది.

‘గిప్పుడే వెయ్యిమన్నవు, గిప్పుడే వద్దంటవ్. ఏంది రమ్యా, పొద్దున్నే తాగినవా?’

‘నేను మనిషిని అన్నా.’

‘ఫొటో అదే ఉంది.’

క్లారా తన సొంత ఫోన్ నంబరు పంపింది. ‘జల్దీ ఫోన్ చెయ్యి అన్నా, నీకు దండం పెడ్త.’

రెండు నిమిషాలు గడిచాయి. పచ్చచుక్క ఆరిపోయింది. క్లారా కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుంది. జైపాల్ పాత బిల్లుల కట్ట తెరిచి జోగిపేట చిరునామాలు వెతకడం మొదలుపెట్టాడు. ఆమె ఫోను మోగింది.

“ఎవలు, రమ్యనా?” వెనక ఫ్యాను హోరు.

“నా పేరు క్లారా. అన్నా, రింగు వేసినవా?”

“ఏసిన. కవర్ బిగిస్తున్నం.”

“గ్యాసు విడిచిన్రా?”

“ఇంకా లే. ఇగ వాల్వ్ తిప్పుడే ఉన్నది.”

“తిప్పకు! కవర్ ఇప్పి రింగు తియ్యి. నల్లది నియోప్రిన్ పంపిస్త. మధ్యాహ్నం బస్సుల పెట్టిస్త.”

ఫోను దూరంగా పెట్టి అతను ఎవరికో చెప్పడం వినబడింది: “ఆపుండ్రిరా, ఇప్పుండ్రి.” తర్వాత గొంతు దగ్గరికొచ్చింది. “అక్కా, తెల్వకపోతే తెల్వదని చెప్పొచ్చుగద ఆ రమ్య? నేను ఎవలనన్న అడుగుదును.”

“నిజమే అన్నా. నా తప్పు,” అంది క్లారా.

రింగు ప్యాక్ చేసి పంపాక ఆమె బాట్ సెట్టింగులు తెరిచింది. కెమికల్, గ్యాసు, యాసిడ్ అన్న మాటలొస్తే జవాబు చెప్పకుండా, ‘ఇది నాకు తెలియదు, మా మనిషి మాట్లాడతారు, అంతవరకు రింగు వేయవద్దు’ అని చెప్పి, ఆమె ఫోనుకు కబురు పంపేలా మార్చింది. నంబరు తప్పనిసరి అన్నది తీసేసింది. ఫొటో కూడా.

“పేరన్న ఉంచరాదు. పిల్ల మంచిగ ఉండె,” అన్నాడు జైపాల్.

“ఆటో జవాబు అని పెడ్తున్న సార్. మిషనని తెలిసి అడుగుతరు.”

సైజులు, స్టాకు, దారి చెప్పే జవాబులు మాత్రం అలాగే ఉంచింది.

తర్వాత నిరుటి నుంచి వచ్చిన చాట్లలో ‘కెమికల్’ అని వెతికింది. చిన్నరాములుది కాక నలభై ఒకటి. సాయంత్రం దాకా ఒక్కొక్కటే చదివింది. ముప్పై అయిదు మందుల ఫ్యాక్టరీలవే. మరో అయిదుగురికి ఫోన్ చేసి కనుక్కుంటే ఇబ్బందేమీ లేదన్నారు. మిగిలిన ఒక్కటి మార్చిలోది: ‘కెమికల్ పంపుకు.’ ఏ కెమికలో రాయలేదు. నంబరు పది తొమ్మిదులు.

క్లారా ఆ చాట్‌లోనే రాసింది: ‘అన్నా, మార్చిల మేం చెప్పిన రింగు దేనికి వేసిన్రు? జెర చెప్పుండ్రి.’ పేరు పక్కన చుక్క బూడిదరంగులోనే ఉంది. దుకాణం షట్టరు సగం దించిన జైపాల్, ఆమె లేచే దాకా అక్కడే నిలబడ్డాడు.