ఒంటిగంట నుంచి రెండు దాకా ఎడమచేతి రాత

నేను కుడిచేత్తో తింటాను, కుడిచేత్తోనే రాస్తాను. ఈ రెండూ ఒకేసారి చేయాల్సిన ఉద్యోగం నాకు విజయనగరంలో దొరికింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే సర్వీస్ సెంటర్ అది. ఫోన్లు ఎత్తడం, ఫిర్యాదులు పుస్తకంలో రాయడం, మెకానిక్‌లని పంపడం నా పని. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరుకి లేచేదాన్ని, వారానికి ఆరు రోజులు.

ఒంటిగంట నుంచి రెండు దాకా భోజన విరామమని గోడకి కాగితం అంటించారు. ఆ విరామం కాగితం దిగి ఎన్నడూ రాలేదు. వంటలు ముగించి జనం ఫోన్ చేతిలోకి తీసుకునే వేళ అదే మరి. నేను క్యారియర్ మూత తీయడం, గజపతినగరం నుంచి ఎవరో ఒకావిడ ఫ్రిజ్‌లో నీళ్లు కారిపోతున్నాయని మొత్తుకోవడం ఒకేసారి జరిగేవి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉండగా, ఎడమచేత్తో రాసుకునేదాన్ని.

ప్రతి ఫోనూ ఎన్ని గంటలకి వచ్చిందో రాయాలని మా యజమాని పట్టుదల. మెకానిక్‌ల బద్ధకం పట్టుకోవడానికి ఆయన పెట్టిన పద్ధతి. "మద్దేన్నం రాత ఏటమ్మా ఇలాగుంటాది, కోడి గీకినట్టు?" అని ఆయనే వెక్కిరించేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక శనివారం సాయంత్రం హాజరు రిజిస్టర్ నా ముందుకి తోశాడు. సోమవారం లేబర్ ఆఫీసర్ తనిఖీకి వస్తున్నాడట. నెలంతా, ప్రతి తేదీ పక్కనా 'విశ్రాంతి 1 - 2' అని అప్పటికే రాసి ఉంది. కింద నా సంతకమే తక్కువ.

"నాను ఎప్పుడు విశ్రాంతి తీసుకున్నాను సార్?"

"అన్నం తినేవా లేదా?"

"తిన్నాను. ఫోన్లెత్తుకుంటా తిన్నాను."

"నోరు తింటాది, సెవి కాళీయే కదా! సంతకం ఎట్టు. ఎట్టకపోతే సోమవారం నుంచి రావద్దు."

ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. అయినా కలం పట్టుకోబుద్ధి కాలేదు. అన్నం చల్లారిపోయినా తిన్నాను, సగంలో లేచినా ఊరుకున్నాను. నేను తినని తీరికని తిన్నానని నా పేరుతో రాసిచ్చేదేమిటి? రిజిస్టర్ ఆయన వైపే తోసి ఇంటికి వచ్చేశాను.

సోమవారం తొమ్మిదికి నా కుర్చీలో నేను కూర్చున్నాను. యజమాని నన్ను చూశాడు, అప్పుడే లోపలికి వస్తున్న ఆఫీసరునీ చూశాడు, నన్ను పొమ్మనే మాట మింగేసి ఆయనకి కుర్చీ వేశాడు. ఆఫీసరు రిజిస్టర్ తిప్పి, సంతకం లేదేమని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, ఫోన్లెత్తుకుంటా బల్ల దగ్గరే తిన్న అన్నం పని గంటల్లోకి వస్తాదా, విశ్రాంతిలోకి వస్తాదా?"

ఆయన కళ్లజోడు తీశాడు. "ఆ గంటలో నువ్వు బయటికెళ్లొచ్చా?"

"లేదు."

"ఫోన్ ఎత్తకపోతే?"

"తిడతారు."

"అయితే అది విశ్రాంతి కాదమ్మా. విరామమంటే పని నుంచి పూర్తిగా వదిలెయ్యాల. యజమాని సెప్పిన పనికి కట్టుబడి కూకుంటే, నోట్లో ముద్దున్నా అది పనే. నీకు రోజుకి తొమ్మిది గంటలు, వారానికి యాభై నాలుగు. నలభై ఎనిమిది దాటకూడదు, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల."

"తినేటప్పుడు ఫోన్లు ఎక్కడొస్తాయండీ!" అన్నాడు యజమాని.

నేను ఫిర్యాదుల పుస్తకం తెచ్చి ఆఫీసరు ముందు పరిచాను. పొద్దుటి రాత గుండ్రంగా ఉంది. ఒంటిగంట పది, ఒంటిగంట ఇరవై, ఒంటిగంట నలభై దగ్గర అక్షరాలు పక్కకి ఒరిగిపోయాయి. పేజీ తిప్పినా అంతే, మరో పేజీ తిప్పినా అంతే. కొన్నిచోట్ల పసుపు మరకలు. ఎందుకలా ఉందో ఆఫీసరు అడగలేదు. ఎడమచేత్తో గాలిలో ఒకసారి రాసి చూసుకుని, యజమాని వైపు తిరిగాడు.

"మీరే టైము రాయించేరు. ఇంతకన్నా సాక్ష్యం ఏటి కావాల?"

నా మాటలు రాసుకుని, పాత గంటల ఓవర్‌టైమ్ తేల్చమనీ, ఇకపై ఆ గంట నన్ను పూర్తిగా వదలమనీ కాగితం ఇచ్చి వెళ్లాడు. నన్ను పంపేసే ధైర్యం ఆ తర్వాత యజమానికి లేకపోయింది. ఇంకొక మనిషిని పెట్టుకోవడం ఇష్టం లేక, ఆ గంట ఫోన్ తనే చూసుకుంటానన్నాడు.

మర్నాడు ఒంటిగంటకి క్యారియర్ పట్టుకుని వరండాలో కూర్చున్నాను. లోపల ఫోన్ మోగింది. నా కాళ్లు లేవబోయాయి, నేను లేవనివ్వలేదు. అన్నం ఆఖరి మెతుకు దాకా నిదానంగా తిన్నాను.

రెండింటికి బల్ల దగ్గరికి వెళ్లి పుస్తకం చూశాను. ఒంటిగంట పాతిక దగ్గర కోడి గీకిన రాత, పక్కన చారు మరక.

"ఏటి సార్, రాత ఇలాగుంది?" అన్నాను.

ఆయన కుడిచెయ్యి కడుక్కోవడానికి లేచాడు.