మాస్టర్ ప్యాటర్న్‌లు, చివర్లో ఒక స్లాష్

బొమ్మనహళ్ళిలో పిల్లల బట్టలు కుట్టే ఒక యూనిట్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. బ్యాకప్ విషయంలో నా అంత చాదస్తుడు ఆ బిల్డింగులో లేడు. ఎవరి ఫైలైనా పోయిందంటే ముందు క్లాసు పీకి, తర్వాతే వెతికేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా కటింగ్ మాస్టర్‌ది అత్తిబెలె దగ్గర ఊరు. వయసులో నాకు తండ్రి లాంటివాడు. గుడ్డ కత్తిరించడానికి ఏళ్ళ తరబడి చేత్తో గీసుకున్న గౌన్ల ప్యాటర్న్‌లన్నీ బ్రౌన్ పేపర్ చుట్టలుగా ఆయన బీరువాలో ఉండేవి. పురుగులు కొరికేస్తుంటే చూడలేక నేనే వాటిని స్కాన్ చేయించాను. కంప్యూటర్లో చోటు చాలక, బ్యాకప్ తీసే ఎక్స్‌టర్నల్ డిస్కులోనే వేరే ఫోల్డరు చేసి పెట్టాను. ఉన్న ఒకే ఒక్క కాపీని బ్యాకప్ అనరని తెలిసీ పెట్టాను. "ఇంక ఈ పేపర్లు పారేయొచ్చు మాస్టర్" అన్నదీ నేనే. ఆయన నమ్మి పారేశాడు.

ప్రతి శనివారం ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో, కంప్యూటర్లోని డిజైన్ల ఫోల్డరును ఆ డిస్కులోకి పంపేవాణ్ణి. అది మారిన ఫైళ్ళను మాత్రమే కాపీ చేస్తుంది కాబట్టి రెండు నిమిషాల్లో అయిపోయేది. కంప్యూటర్లో తీసేసినవి డిస్కులోనూ పోవాలని డిలీట్ ఆప్షన్ కూడా తగిలించేవాణ్ణి. కమాండ్ రాసిపెట్టుకున్న స్క్రిప్టు ఉండేది కనుక ఏనాడూ తేడా రాలేదు.

ఆ శనివారం కంప్యూటర్ మారింది, ఫోల్డరు చోటూ మారింది. స్క్రిప్టు సరిచేయడానికి బద్ధకించి కమాండ్ చేత్తో కొట్టాను. ఫోల్డరు పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరించి, చివర స్లాష్ గీత కూడా పెట్టేసింది. నా స్క్రిప్టులో ఆ స్లాష్ లేదు. అది లేకపోతే డిస్కులో డిజైన్లనే ఫోల్డరు ఏర్పడి, కాపీ చేయడమైనా తుడవడమైనా దాని లోపలే జరుగుతుంది. ఉంటే, ఫోల్డరు కాదు, దానిలోని సరుకు నేరుగా డిస్కు మీదికే వస్తుంది. అప్పుడు డిలీట్ మొత్తం డిస్కుకే వర్తిస్తుంది, కంప్యూటర్లో లేనిదేదీ మిగలదు. ఏం జరగబోతోందో చూపించి ఏమీ చేయకుండా ఆగే డ్రై రన్ ఒకటుంది. దాని గురించి అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, నేను వాడలేదు.

ఎంటర్ కొట్టి టీకి వెళ్ళాను. తిరిగొచ్చినా ఇంకా కాపీ అవుతూనే ఉంది. రెండు నిమిషాల పనికి ఇంతసేపేమిటని స్క్రీన్ పైకి జరిపి చూశాను. మొదట్లోనే డిలీటింగ్, డిలీటింగ్ అంటూ వరసలు, వాటి మధ్య మాస్టర్ ఫోల్డరు పేరు. వైరు పీకేసి రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టాను కానీ, మాస్టర్ ప్యాటర్న్‌లు ఉన్న చోట్లో అప్పటికే డిజైన్లు చాలా వచ్చి కూర్చున్నాయి. దొరికిన కొన్నీ పేర్లు లేని సగం బొమ్మలు.

మాస్టర్‌తో మాత్రం "డిస్కు చెడిపోయింది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. "మిషన్ అంటే అంతేలే అప్పా. నువ్వేం జేస్తావు" అన్నాడు. పైగా ఓనరు నా మీద కేకలేస్తుంటే అడ్డొచ్చి, "ఆ పిల్లోడిది తప్పు లేదు సార్. వాడంత జాగ్రత్తగా ఎవరుండారు?" అన్నాడు. నేను అక్కడే నిలబడి విన్నాను, నోరు తెరవలేదు.

నెల తర్వాత ఆయన జ్ఞాపకం మీద మళ్ళీ గీసిన పదకొండు ప్యాటర్న్‌లు పట్టుకొచ్చాడు. కాలర్ల వంపులు ముందులా రాలేదని ఆయనే అన్నాడు.

"స్కాన్ చెయ్యప్పా. కొత్త డిస్కు వచ్చిండాది గదా. పేపర్లు పారేస్తా."

"వద్దు మాస్టర్. ఉంచుకోండి."

"ఎందుకప్పా?"

ఇక దాచలేక చెప్పేశాను. డిస్కుకి ఏ రోగమూ లేదని, నేనే తుడిచేశానని. ఆయన చుట్టలన్నీ ఒక్కొక్కటే సర్దుకుని చంకలో పెట్టుకున్నాడు. తిడతాడేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"పోయిందానికి బాధ కాదప్పా. ఓనరు ముందర నీ కోసం నేను మాట్లాడతా ఉంటే, పక్కనే ఉంటివి గదా" అన్నాడు.

స్కాన్ చేయమని మళ్ళీ అడగలేదు. ఆ పదకొండూ ఆయన బీరువాలోనే ఉన్నాయి, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.