ఒకే ఫారంలో ముగ్గురం

వరంగల్ రిజర్వేషన్ కౌంటర్లో క్లర్కుతో కొట్లాడి రెండు కింది బెర్తులు సాధించిన మొనగాణ్ని నేను.

సరే, కొట్లాట కాదు. చెన్నై దవాఖానకు ప్రయాణం. మోకాలి నొప్పితో మా ఆవిడ పై బెర్తు ఎక్కలేదు. నేనేమో మా ఇద్దరితోపాటు కొడుకు పేరూ ఒకే ఫారంలో రాశాను.

"ముగ్గురైతె సీనియర్ కోటా రాదు పెద్దాయనా. మీ ఇద్దరికి వేరే ఫారం రాయుండ్రి. జల్ది, కింది బెర్తులు రెండే ఉన్నయి," అన్నాడు క్లర్కు.

ఈలోపు పక్క కౌంటర్లో అవీ పోవచ్చు. గబగబా కొత్త ఫారం నింపేశాను.

ఇది చదివి మా ఆవిడ అంది: "నువ్వు నింపినవా? ఎమర్జెన్సీ కోటా ఇయ్యమని బతిమిలాడితివి, అది వెయిటింగ్ టికెట్లకని ఆయన చెప్పె. నువ్వింకా బతిమిలాడుతాంటె, నీ పక్కన నిలబడి ఆ ఫారం రాసింది నేను."