ఈ వారం వచ్చే డబ్బు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ ఆవిణ్ణి జోస్యమక్క అనేవాళ్లు. అరచేతులు చూసి చెప్పే జోస్యం కాదు లెండి. అకౌంట్స్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, రాబోయే వారాల్లో కంపెనీ ఖాతాలో ఎంత ఉంటుందో, ఎప్పుడు అడుగంటుతుందో ముందే చెప్పేది. టీ వేళకు కటింగ్ సెక్షన్ వాళ్లు కిటికీలోంచి తల దూర్చి అడిగేవాళ్లు.

"అక్కా, మా జీతాల గ్రహస్థితి ఎలా ఉంది?"

"గ్రహాలు బాగానే ఉన్నాయి. నువ్వు తీసుకునే అడ్వాన్సులే అడ్డం పడుతున్నాయి" అనేది, తల తిప్పకుండా.

నవ్వేవాళ్లు నవ్వేవాళ్లే గానీ, ఆ పని ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలో ఎవరికి తెలుసు? సాఫ్ట్‌వేర్ బ్యాంకులో ఉన్న నిల్వతో మొదలుపెడుతుంది. కొన్నవాళ్లు ఇంకా కట్టని బిల్లుల్ని వాటి గడువు తేదీల్లో కలుపుతుంది. కాగితం వాళ్లకూ జిగురు వాళ్లకూ మనం కట్టాల్సినవి తీసేస్తుంది. కానీ జీతాలకు బిల్లు ఎవరు పంపుతారు? బ్యాంకు వాయిదాకూ, పన్నుకూ బిల్లు రాదు. వాటిని చేత్తో, తేదీ వేసి ఎక్కించాలి. మర్చిపోయారా, తెర మీద అంతా పచ్చగా, కళకళలాడుతూ కనిపిస్తుంది. ఆ పచ్చదనాన్ని నమ్మి ఎంతమంది మునిగారో!

జోస్యమక్క జీతాల్ని అన్నిటికంటే ముందు ఎక్కించేది. దానికి కారణం ఉంది. ఆవిడ చిన్నప్పుడు తండ్రి పనిచేసే మిల్లు చెప్పాపెట్టకుండా మూతపడింది. చేసిన పనికి జీతం బాకీ పడ్డారు. "ఈ వారం ఇచ్చేస్తారంట" అని తండ్రి అద్దింటాయనకు చెప్పాడు. పచారీ కొట్లో చెప్పాడు. స్కూల్లో చెప్పాడు. వారం తిరిగాక మళ్లీ అదే మాట. ఆయన అబద్ధాలకోరు కాదు, నిజంగానే నమ్మాడు. నమ్మి అప్పులు చేశాడు. చివరికి కుట్టుమిషన్ పోయింది, ఇల్లు ఖాళీ చేశారు, ఆ మనిషి మాట్లాడటమే తగ్గించేశాడు. ఆ వీధిలో సామాన్లతో నిలబడ్డ పొద్దును ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ప్రతి బిల్లుకూ గడువు తేదీ పక్కనే ఉండే 'డబ్బు రాగల తేదీ' గడిని ఆవిడ ఖాళీగా వదలదు. చెప్పుల కంపెనీ వాళ్లు ఎప్పుడూ ఆలస్యం చేస్తారు, కాబట్టి వాళ్ల తేదీ వెనక్కి జరుపుతుంది. మందుల కంపెనీ వాళ్లు చెప్పిన రోజుకు ఠంచనుగా వేస్తారు, వాళ్లది అలాగే ఉంచుతుంది.

ఒక్క బిల్లు జోలికి మాత్రం వెళ్లలేకపోయింది. అది బిస్కెట్ ఫ్యాక్టరీది.

ఆ ఫ్యాక్టరీ ఓనరూ, ఈ ఫ్యాక్టరీ ఓనరైన పెద్దాయనా ప్రాణస్నేహితులు. ఇక్కడ మొదటి అట్టపెట్టె కొన్నది ఆ బిస్కెట్ల ఓనరే. ఆయన హఠాత్తుగా పోయాడు. కొడుకులిద్దరూ ఆస్తి కోసం కోర్టుకెక్కారు, గేటుకు తాళం పడింది. రావలసింది తక్కువేం కాదు, ఇంచుమించు ఇక్కడి వాళ్లందరి ఒక నెల జీతమంత. తేదీ మార్చనా అని అడిగితే పెద్దాయన కసురుకున్నాడు.

"వాడు నాకు బాకీ ఎగ్గొట్టే మనిషి కాదు. ఆ బిల్లు ముట్టుకోకు."

ఆవిడ నోరు మూసుకుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒక అలవాటుంది. గడువు దాటిపోయి, వేరే తేదీ వేయని బిల్లు ఏదైనా ఉంటే, దాన్ని ఈ వారమే వస్తుందని లెక్కలో కలిపేస్తుంది. వారం గడిచినా రాకపోతే మళ్లీ ఆ పై వారంలో వేస్తుంది. అలా ఆ చనిపోయిన మనిషి ప్రతి సోమవారం డబ్బు తెస్తూనే ఉన్నాడు. లెక్క ఎప్పుడూ పచ్చగానే ఉంది.

ఒక సోమవారం పెద్దాయన గదిలోకి వచ్చి, కొత్త కటింగ్ మిషన్‌కు అడ్వాన్సు శుక్రవారం కడతానని మాటిచ్చానన్నాడు.

"ఎక్కించి చూడమ్మా. సరిపోతుందిగా?"

ఎక్కించింది. సరిపోయింది. శుక్రవారం అడ్వాన్సు పోయినా, పై వారం జీతాలు ఇచ్చినా ఇంకా మిగులుతుందని చూపించింది. పెద్దాయన తృప్తిగా లేచాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేననుకుంది ఆవిడ.

"సార్, కూర్చోండి. ఆ మిగిలేది మీ స్నేహితుడి డబ్బు."

ఆయన ముఖం ఎర్రబడింది. "చెప్పానా లేదా? దాన్ని కొట్టేయమంటావా? వాడి పేరు తుడిచేయమంటావా?"

"తుడవక్కర్లేదు సార్. బిల్లు బిల్లులాగే ఉంటుంది. పేరు ఉంటుంది, బాకీ ఉంటుంది, రేపు కొడుకులు కడితే జమ చేసుకుంటాం. అంచనాలో కలపొద్దని ఇక్కడ ఒక టిక్కు పెడతాం, అంతే. పోయేది బాకీ కాదు. ఈ వారం వస్తుందన్న మాట ఒక్కటే."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"మా నాన్న కూడా ఈ వారం వస్తుందనే అన్నాడు సార్" అంది. "ప్రతి వారం అన్నాడు. మేం రోడ్డు మీద పడ్డాం. బయట మిషన్ల దగ్గర ఉన్నవాళ్లందరికీ ఇళ్లల్లో పిల్లలున్నారు."

అవతల మిషన్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. పెద్దాయన తెర మీద ఆ పేరు వంక చూశాడు. దుఃఖం దిగమింగుకుంటున్నాడని చూస్తేనే తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ మనిషి పోయాడని ఎవరి ముందూ పైకి అనలేదు.

"మౌస్ ఇలా ఇవ్వు" అన్నాడు.

టిక్కు తనే పెట్టాడు. లెక్క మళ్లీ తిరిగింది. శుక్రవారం గట్టెక్కింది గానీ, జీతాల వారం ఎర్రబడింది. చిన్న లోటు కాదది, సగం మందికి కూడా సరిపోదు.

"అమ్మో!" అన్నాడు పెద్దాయన, నీరసంగా.

తర్వాత ఇద్దరూ చేయాల్సింది చేశారు. మిషన్ వాళ్లకు ఫోన్ చేసి అడ్వాన్సు వెనక్కి జరిపాడు. అవతలివాళ్లు నానా మాటలూ అన్నారు, పడ్డాడు. కాగితం వ్యాపారిని బతిమాలితే సగం ఇప్పుడు, సగం పై నెల తీసుకుంటానన్నాడు. ఒప్పుకున్న ప్రతి తేదీనీ జోస్యమక్క అక్కడికక్కడే ఎక్కించి లెక్క తిప్పింది. ఎరుపు పోయింది. మిగిలింది చాలా కొంచెం, కానీ అది నిజంగా ఉన్న డబ్బు.

జీతాల రోజున అందరి ఫోన్లూ మోగాయి. కటింగ్ సెక్షన్ వాడు కిటికీ దగ్గరకొచ్చి, "గ్రహాలు అనుకూలించాయక్కా!" అని నవ్వి పోయాడు. ముప్పు ఎంత దగ్గరిదాకా వచ్చి తప్పిందో వాడికి తెలియదు. ఆవిడ చెప్పనూ లేదు. గది తలుపు దగ్గరగా వేసుకుని, తండ్రిని తలుచుకుని కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. పొద్దున్నే స్నేహితుడి ఇంటికి వెళ్లొచ్చాడట. చనిపోయాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. స్నేహితుడి భార్య దగ్గర కూర్చుని ఏడ్చానని చెప్పాడు.

"రావలసిన వాటిల్లో వాడి పేరు ఇంకా ఉందా అమ్మా?"

ఆవిడ తెర ఆయన వైపు తిప్పింది.

"ఉంది సార్. ఈ వారం అన్న మాట ఒక్కటే లేదు."