జగన్నాధం పంచె మీద పడ్డ క్లిక్కులు

శ్రీకాకుళంలో కుర్చీ కదలకుండా కూర్చుని, ఢిల్లీలో ఎవడు ఏ తువ్వాలు వంక ఓరగా చూశాడో చెప్పేయగల మనిషి ఝాన్సీ. చూసినవాడు కొంటాడో, మొహం తిప్పుకుంటాడో వాడికంటే ముందు ఈవిడకే తెలుస్తుంది. ఒకసారి సూరత్‌లో ఎవరో తెరమీద బొమ్మ నొక్కుతూ తుమ్మితే ఇక్కడ ఈవిడ "చిరంజీవ" అందని బట్టల బజారంతా ఒట్టేసి చెబుతుంది.

వరసకు మావయ్య అయ్యే తిరుమలరావు ఖాదీ కొట్టు మేడగదిలో ఆమె ఉద్యోగం. 2017లో ఆయన కొట్టును ఇంటర్నెట్‌కెక్కించి గూగుల్‌లో షాపింగ్ ప్రకటనలు పెట్టించాడు. ఎవరైనా బట్ట కోసం వెతికితే బొమ్మా ధరా కనిపిస్తాయి. నొక్కితే కొట్టుకు ఖర్చు, వాళ్లు కొన్నా కొనకపోయినా.

దసరా వెళ్లాక తిరుమలరావు మెట్లెక్కి వచ్చాడు.

"ఒసే ఝాన్సీ, డబ్బులెల్లిపోతన్నాయి గానీ ఏ సరుకు తినీస్తన్నాదో తెల్డం నేదే. తినీదాన్ని పీకీ. ప్రకటన్లోంచే కాదు, కొట్లోంచి కూడా."

అప్పటిదాకా ఝాన్సీ కూడా ఖర్చంతా ఒక్క కుప్పగానే చూసేది. ఈసారి సరుకు సరుకునూ విడదీసింది. తువ్వాళ్లు రాజ్యమేలుతున్నాయి: నొక్కినవాళ్లలో చాలామంది కొంటున్నారు. జరీ అంచు చీరకేమో జాతరంత జనం, కొనేవాడు ఒక్కడూ లేడు. వచ్చే లాభం లేదు సరికదా, ప్రకటన ఖర్చులో పెద్ద వాటా దానిదే. ఇక అట్టడుగున జగన్నాధం పంచె. దాని పక్కన అన్నీ సున్నాలే. నొక్కినవాడు లేకపోవడం కాదు, అది అసలు ఎవరి తెరమీదా కనిపించనే లేదు.

"ఆ రెండూ పీకీ మరి" అన్నాడు తిరుమలరావు.

"ఆగు మావా! నచ్చక కొన్నేదంటే అది వేరు. పంచెనెవులూ సూన్నేదు కదేటి!"

పొందూరు జగన్నాధం నేసే సన్ననూలు పంచె అది. ఇలాంటి బట్టలను నేసినవాడి పేరుతో పిలవడం ఆ కొట్టు మర్యాద. "జగన్నాధం పంచె వచ్చిందేటి?" అని ఒకప్పుడు ఊళ్లో ప్లీడర్లు అడిగి మరీ పట్టుకుపోయేవారు. ఆ మర్యాదకొద్దీ ఇంటర్నెట్‌లోనూ ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు పెట్టారు. ఖాదీ అన్న మాట లేదు, పొందూరు అన్న మాట లేదు. కాశీలో ఉన్నవాడు ఖాదీ ధోతీ అని వెతుకుతాడు గానీ జగన్నాధాన్ని ఎందుకు వెతుకుతాడు? దానికితోడు సరుకంతటికీ నొక్కుకు ఇంతని ఒకటే బిడ్డు, ఒకటే బడ్జెట్టు. రోజుకు పెట్టిన డబ్బు తువ్వాళ్లూ చీరలే ఊడ్చేస్తున్నాయి.

ఝాన్సీ పేరు మార్చింది: పొందూరు ఖాదీ ధోతీ, చేతి వడుకు, సన్న నూలు. దాన్ని వేరే గుంపులో పెట్టి, విడిగా బడ్జెట్టు ఇచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే పంచె దేశమంతా కనబడటం మొదలైంది. నొక్కుళ్లూ వచ్చాయి. ఝాన్సీ ఆ సంబరంలో మావయ్యకు కూడా టీ తెప్పించింది.

నొక్కినవాళ్లు బొమ్మను పెద్దది చేసి చూసి వెళ్లిపోయారు. చేత్తో పట్టుకుంటే వెన్నలా జారే ఆ సన్నదనం ఫోటోకి ఎక్కలేదు. ధర మాత్రం శుభ్రంగా ఎక్కింది. ఒక్కరూ కొనలేదు.

నెలాఖరుకి తిరుమలరావే తెరమీద వేలు పెట్టాడు. పంచె అట్టడుగు నుంచి లేచి, పీకేసిన చీర పక్కన కూర్చుంది.

"ఇప్పుడు సూసీనారు కదే?"

"సూసినోళ్లు కొద్దిమందే మావా. ఇంతలోనే తేల్చీడానికి సాల్దు. ఫోటో మార్సనీ, ఇంకో రెండు నెలలు సూద్దాం."

"ఆ రెండు నెల్లూ కొట్టద్దె నీ తువ్వాలు కడతాదేటి? కనబడనప్పుడు కర్సయినా నేదు. నువ్వే సూపించీసి నువ్వే నట్టం తేల్చీసినావు. పీకీ."

అది తప్పని చెప్పడానికి ఝాన్సీ దగ్గర ఒక్క అంకె లేదు. ఉన్న అంకెలన్నీ ఆయన వైపే ఉన్నాయి, అవన్నీ ఆమె తెచ్చిపెట్టినవే.

ఆ వారమే జగన్నాధం మూటతో వచ్చాడు. ఇక పంచెలు కొనబోమని చెప్పే పని తిరుమలరావు మేడమీద ఝాన్సీకి తోసేశాడు. ఆమె చెప్పింది.

"ఏటమ్మా, బాగోనేదన్నారేటి?" అన్నాడు ముసలాయన, మూట విప్పకుండానే.

నెల క్రితమైతే, ఎవరూ చూడలేదు తాతా అనేది. అదీ నిజమే అయ్యేది. ఇప్పుడా మాట అనడానికి లేదు.

"దర ఎక్కువన్నారు తాతా."

"దర నేనెక్కడ సెప్పినానమ్మా, కొట్టోళ్లు ఏసిందే కదేటి" అని ఆయన మూట మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

బజారు ఊరుకుంటుందా? ముసలాయన కోసం ఝాన్సీ మావయ్యతో మహాయుద్ధం చేసిందనీ, ఆ పంచెలన్నీ తనే కొనేసిందనీ కథ అల్లేసింది. ఆ కథ ఆమె ముందే ఎవరో ఎత్తితే, తెరమీద నుంచి చూపు తిప్పకుండా అంది:

"నానేటీ కొన్నేదు. యుద్దమూ సెయ్యనేదు. పీకీమన్నాడు, పీకీసినాను."