అప్పగింతల పాట కింద

ఆ రోజు పోయినవాటి లెక్క ముందు చెబుతాను. పదకొండు పెళ్ళిళ్ళు, నాలుగు వోణీ ఫంక్షన్లు, రెండు గృహప్రవేశాలు, ఒక షష్టిపూర్తి. వాటితోపాటు మూడొందల పైచిలుకు సంగీతం ముక్కలున్న ఫోల్డరు. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు, బొగ్గు లేదని కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోయేది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే ముసలిదైంది. మూడోసారి కరెంటు పోయి వచ్చాక డిస్కు టిక్కు టిక్కుమంది, మళ్ళీ తెరుచుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, మెట్లెక్కితే వచ్చే ఒంటిగది మా మిక్సింగ్ సెంటర్. పెళ్ళి వీడియోలు కోసి, కలిపి, సంగీతం అద్ది డీవీడీలు చేసి ఇస్తాం. ఆ పని చేసేవాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఎడిటర్. నేను నల్గొండ వైపు వాణ్ణి. పెట్టుబడిలో నాకు సగం ఉంది, లెక్కలు చూసేది నేనే. నాకు పెద్ద చదువు లేదు. లెక్కలు కిరాణాకొట్టులో తూకం వేస్తూ నేర్చుకున్నవే.

డిస్కు పోయిన నాడు ఎడిటర్ తల పట్టుకుని, "మీ ఉద్యమం నా కొంప ముంచిందండీ అన్నగారూ," అన్నాడు.

"అందరు సమ్మెల ఉంటె డిస్కు ఒక్కటి పని చేస్తదా తమ్మీ? అది గూడ దిగింది," అన్నాను. ఇద్దరం నవ్వలేక నవ్వాం.

వీడియోలు ఇంకా అందనివాళ్ళతో పడిన గొడవ వేరే కథ. ఈ కథ, డీవీడీ ఎప్పుడో తీసుకుని వెళ్ళిపోయిన ఒకామెది. వనస్థలిపురం అమ్మాయి, సర్కారు ఆఫీసులో ఉద్యోగం. సమ్మె వల్ల ఆఫీసు మూసి ఉంది. ఒక పొద్దున మెట్లెక్కి వచ్చి తన పెళ్ళి డీవీడీ టేబుల్ మీద పెట్టింది.

"అంకుల్, దీంట్ల అప్పగింతల కాడ మ్యూజిక్ తీసేసి ఇస్తరా?"

ఎందుకమ్మా అని అడిగాను. వీడియో పెట్టి చూపించింది. వాళ్ళమ్మ ఆమె భుజం పట్టుకుని, చెవి దగ్గరకు నోరు పెట్టి ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం సన్నాయిలాంటి ఏడుపు పాట.

"అప్పుడు ఏడుస్తున్న, ఏం చెప్పిందో సమజ్ కాలే. తర్వాత అడుగుదమనుకున్న. ఎనిమిది నెలలకే అమ్మ పోయింది."

ఇక్కడ మా వృత్తి అలవాటు ఒకటి చెప్పాలి. అప్పగింతలు వస్తే ఏ మిక్సింగ్ సెంటరైనా చేసేది ఒకటే: కెమెరా పట్టిన శబ్దాన్ని బాగా తగ్గించి పైన దుఃఖపు సంగీతం పరుస్తారు. ఏడుపులు, దగ్గులు, "ఆటో వచ్చిందా" అనే అరుపులు ఎవరికీ వద్దు. మంచి పద్ధతే అనుకునేవాళ్ళం. ఆ సంగీతం కింద ఒక మనిషి ఆఖరిగా మాట్లాడుతుంటుందని ఎవరూ ఆలోచించలేదు. మాట, పాట వేరువేరుగా ఉన్న ఫైలు డిస్కుతో పోయింది. షూటింగ్ టేపు మీద ఆ తర్వాత ఇంకో పెళ్ళి ఎక్కింది. టేపులు తిరిగి వాడటం అందరూ చేసేదే.

"పాలల్లో నీళ్ళు కలిసిపోయాయమ్మా, విడదీయాలంటే హంస కావాలి," అన్నాడు ఎడిటర్. ఆమె లేవలేదు. వాడు ఆ ముక్క ఇంకోసారి తిప్పి విని, "ఒక దారుందండీ," అన్నాడు. పరిచిన సంగీతం అచ్చం అదే రికార్డింగ్ దొరికితే, దాన్ని తలకిందులు చేసి, అంటే శబ్దపు అల పైకి లేచే చోట కిందికి దిగేలా చేసి, దీని మీద సరిగ్గా పెడితే, పాటా పాటా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట మిగులుతుంది. నాకు వెంటనే అర్థమైంది. కూడికలో కలిసిన అంకె తెలిస్తే తీసివేయొచ్చు. తెలియకపోతే ఏం తీసివేస్తాం?

కాబట్టి ఆ పాట ఏదో తెలియాలి. మా ఫోల్డర్లో దానికి పేరు కూడా లేదు, "సాడ్" అని పక్కన ఒక నంబరు. అంతకుముందు పనిచేసి మానేసిన వాళ్ళు ఎక్కడెక్కడి సీడీల నుంచో పోగేసిన సరుకది.

అమ్మాయి ఫోన్లో, పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఉంది. పెట్టి చూసింది. పైన ఏడుపులుండటం వల్ల దొరకలేదనుకున్నాం. ఎడిటర్ తెలివిగా, చివర్లో కారు కదిలే స్లోమోషన్ షాట్‌కు వీడియో జరిపాడు. స్లోమోషన్ మీద అసలు శబ్దం ఉంచరు, ఒట్టి సంగీతమే ఉంటుంది. అక్కడ పాట శుభ్రంగా వినబడుతోంది. యాప్ మళ్ళీ తిరిగి తిరిగి దొరకలేదంది.

నాకు ఎల్బీ నగర్‌లో షాపు ఉన్న ఒక బ్యాండ్ మాస్టర్ గుర్తొచ్చాడు. పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయిస్తాడు, ఆదివారం చర్చిలో హార్మోనియం. ఆయనదీ మా నల్గొండ వైపే. ముగ్గురం ఆ ముక్కను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాం. రెండుసార్లు విని ఆయన ముఖం అదోలా పెట్టాడు.

"ఇది సన్నాయి గాదన్నా, క్లారినెట్. గీ పాట మేము గుడ్ ఫ్రైడే నాడు పాడుతం."

"పెళ్ళిలోనా వేశాం!" అన్నాడు ఎడిటర్.

"మీకు ఏడిపిచ్చేది కావాలె, ఏసిన్రు. ఏసు ప్రభువు ఏమనడు తియ్," అన్నాడు మాస్టర్. అమ్మాయి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అయితే పాట ఏదో తెలిసినంత మాత్రాన రికార్డింగ్ ఏదో తెలిసినట్టు కాదు. ఒకే పాటను ఎంతోమంది వాయించి సీడీలు చేశారు. మాకు కావలసింది అందులో ఒక్కటే. మాస్టర్ హార్మోనియం తీసి శ్రుతి పట్టబోయాడు. కుదరలేదు. ఒక మెట్టు నొక్కితే పాట కంటే కింద, పక్క మెట్టు నొక్కితే పాట కంటే పైన.

"నడిమిట్ల ఉన్నది. ఇట్ల ఎవ్వరు వాయించరు."

"నడుమ అంటే సగమా?" అని అడిగాను.

మళ్ళీ విన్నాడు. "సగం కంటె జర ఎక్కువే. పై మెట్టుకు దగ్గర."

పక్కపక్క మెట్ల మధ్య తేడా వందకు దాదాపు ఆరు అని ఎడిటర్ చెప్పాడు. సగం దాటి పైకి అంటే నాలుగు అనుకున్నా. అంటే పాటను వందకు నాలుగు చొప్పున వేగం పెంచి ఉండాలి, లేదా పై మెట్టు నుంచి రెండు తగ్గించి ఉండాలి. ఎడిటర్ తల గోక్కున్నాడు. "చేస్తామండీ. పాట షాటు కంటే కొంచెం పొడుగైతే వేగం పెంచి సరిపెడతాం. ఎవరికి తెలుస్తుంది?" యాప్‌కు దొరకకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చునన్నాడు.

ఎడిటర్ తన ల్యాప్‌టాప్‌లో వేగం నాలుగు తగ్గించి వినిపించాడు. ఈసారి హార్మోనియం మెట్టు మీద పాట చక్కగా కూర్చుంది. కళ్ళు మూసుకుని వింటున్న మాస్టర్ ఒకచోట చెయ్యెత్తాడు.

"ఆపున్రి! తబలా సూడు, ఒక దెబ్బ లేటుగ పడ్డది. గీ సీడీ మా ఇంట్ల ఉన్నది! మా బ్యాండోళ్ళంత దీన్ని పెట్టుకునే నేర్చుకున్నం. గా తప్పు గూడ నేర్చుకున్నం. ఇప్పటికి గట్లనే వాయిస్తం."

తప్పు లేకుండా వాయించినవాళ్ళు ఎందరున్నా, ఆ తప్పు వాయించింది ఆ ఒక్క రికార్డింగే.

ఆయన ఇల్లు అల్మాస్‌గూడలో. మర్నాడు సీడీ తెస్తానన్నాడు. మర్నాడు బంద్. మా షట్టర్ సగం దించి అమ్మాయితో కలిసి కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక వచ్చాడు, సైకిల్ మీద. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమంవాళ్ళు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారట. చేతిలో క్లారినెట్ పెట్టె చూసి పట్టుకున్నారు.

"అన్నం తినేదాక ఇడువలే, తిన్నంక ఊదేదాక ఇడువలే," అంటూ సీడీ నా చేతిలో పెట్టాడు.

ముందు కొలిచాం. సీడీలో ఇరవై ఆరు సెకన్లు పట్టిన చరణం మా వీడియోలో ఇరవై అయిదు సెకన్లకే అయిపోతోంది. ఇరవై ఆరును ఇరవై అయిదుతో భాగిస్తే నూటికి నాలుగు ఎక్కువ, అణువంత తేడా లేదు. రెండు తగ్గించారన్న అనుమానం తీరింది. ఎడిటర్ సీడీ పాటను అదే సాఫ్ట్‌వేర్లో నూట నాలుగుకు పెంచి, తలకిందులు చేసి, కింద పరిచాడు. ముందు పాట రెండింతలై గోల చేసింది. ఇంచు ఇంచు జరిపాడు, ఇంచు అనడం కూడా ఎక్కువే, కంటికి కనబడనంత. ఒకచోట పాట హఠాత్తుగా పల్చబడింది. అప్పుడు ధ్వని హెచ్చుతగ్గులు సరిచేశాడు. సంగీతం పూర్తిగా పోలేదు. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టుకున్నంత మిగిలింది. మేం వీడియోలో వేసింది సీడీకి నకలు, డీవీడీ చేసినప్పుడు ఇంకా నలిగింది, అందుకని.

ఎడిటర్ హెడ్‌ఫోన్స్ అమ్మాయికి ఇచ్చాడు. మేం ముగ్గురం గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. ఆమె విన్నది, మళ్ళీ విన్నది. తర్వాత హెడ్‌ఫోన్స్ వైరు తీసి స్పీకర్లో మాకూ వినిపించింది.

"...గా దాని గురించి పరేషాన్ గాకు, నేను సూసుకుంట. నువ్వు ఏడిస్తే మీ నాయిన నిలవడడు, జర నవ్వు బిడ్డా. చీర గట్టిగ గుంజి కట్టకు, నడవనీకి రాదు. ఐతారం రా."

మాస్టర్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. అమ్మాయి మాత్రం ఏడవలేదు. "దేని గురించి?" అంది.

మేం మొదటికి వెళ్ళాం. అమ్మ పెదవులు కదలడం మొదలైన చోట క్లారినెట్ లేదు. దానికి ముందు ఎడిటర్ ఇంకో ముక్క వేశాడు, ఆడవాళ్ళు గుంపుగా తీసిన ఆలాపన. అది తగ్గుతూ పోయాకే క్లారినెట్ మొదలవుతుంది. మాట మొదలు, ఏడు సెకన్లు, ఆ ఆలాపన కింద ఉంది. దాని మీద స్లోమోషన్ లేదు, శుభ్రమైన ముక్క ఒక్కటీ లేదు. మాస్టర్ క్లారినెట్ తీసి ఊదితే దాని శ్రుతికి అది సరిగ్గా కలిసింది కాబట్టి వేగం మార్చలేదని తెలిసింది. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియలేదు.

అమ్మాయి వాళ్ళ నాన్నను అడిగింది. ఆయనకూ తెలియదు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలా అని అప్పట్లో తాను భయపడ్డానని అమ్మాయి ఒకసారి చెప్పింది. ఇంకోసారి, అమ్మకు అప్పటికే తన జబ్బు గురించి దవాఖానలో చెప్పిన మాటేదో తెలుసేమో అంది. దేనికి పరేషాన్ కావద్దని అమ్మ చెప్పిందో తెలియకుండానే, ఆ మాట విని కొంత నిమ్మళపడింది. పాట తీసేసి మేం చేసిచ్చిన కొత్త డీవీడీ తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. సెంటర్ మూశాం. ఎడిటర్ ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్ దగ్గర స్టూడియో పెట్టుకున్నాడు, "ఆ ఆలాపన దొరికిందా అన్నగారూ," అని ఫోన్ చేస్తుంటాడు. ఫంక్షన్ హాల్లో భోజనం చేస్తూ ఆడగొంతుల గుంపు వినబడితే ఇప్పటికీ చెయ్యి ఆపుతాను. ఆమెకు మేం ఇచ్చింది వాళ్ళమ్మ మాట పందొమ్మిది సెకన్లు. ఇంకా ఇవ్వాల్సింది ఏడు.