టేబుల్ దాటని హజరత్తయ్య

హజరత్తయ్యకు ఒక గొప్ప ఉండేది. ముప్పై ఏళ్ల సర్వీసులో తన ల్యాబ్‌లో ఏ విద్యార్థి రికార్డులోనూ పుస్తకంలో లేని విలువ రాలేదని చెప్పుకునేవాడు. సిగ్గుపడుతూ కాదు, ఛాతీ విరుచుకుని. మా ఇంజనీరింగ్ కాలేజీలో అతను హీట్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరు, నేను పక్క ల్యాబ్‌లో లెక్చరర్ని. మధ్యలో ఉన్నది సగం గోడే కాబట్టి అతని బోధనంతా నా చెవిన పడేది.

బోధనంటే ఏమీ లేదు. "ముందు టేబుల్ చూడండబ్బయ్యా" అనేవాడు. పుస్తకం వెనకాల ఏ పదార్థం వేడిని ఎంత పోనిస్తుందో టేబుల్ ఉంటుంది. ఆ అంకె చివర్లో రాసుకుని, అది రావాలంటే థర్మామీటర్లు ఎంత చూపించాలో వెనక్కి లెక్కగట్టి, ఆ ఉష్ణోగ్రతలు నింపడమే ప్రయోగం. మరీ అనుమానం రాకుండా పాయింటు తర్వాత అంకెను ఒకటి అటో ఇటో మార్చమనేవాడు. ఆ మాత్రం తెలివి ఉన్న మనిషే. స్విచ్చి వేయకుండా సైన్సు చెప్పే విద్యకు జీతం తీసుకుంటున్నాడని నాకు మంట.

ఈ విద్య అతనికి చిన్ననాడే అబ్బింది. వాళ్లది విడవలూరు దగ్గర పల్లె. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి పిచ్చమ్మ ఆ పేరు పెట్టుకుంది. పంతొమ్మిది వందల అరవైల్లో అక్కడి బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారంటే హెడ్మాస్టరు పక్క ఊరి బడి నుంచి మ్యాపులు, గ్లోబు, రెండు బెంచీలు బండి మీద తెప్పించేవాడట. తనిఖీ అయి ఇన్‌స్పెక్టరు గారు మామిడికాయ పప్పుతో భోజనం చేసి కునుకు తీసేలోగా ఆ సరంజామా మళ్లీ బండెక్కి ఆయనకంటే ముందే పక్క ఊరు చేరేది. దారంతా గ్లోబును ఒళ్లో పెట్టుకుని కూర్చునే పని హజరత్తయ్యది. "ఇద్దరు హెడ్మాస్టర్లకీ మెచ్చుకోలు పత్రం వచ్చినాది మేడం" అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ గ్లోబును తిప్పి చూశావా ఎప్పుడైనా అని అడిగాను. తిప్పితే విరిగిపోతుందని తాకనిచ్చేవాళ్లు కాదట.

మా కాలేజీ ఆ బడికి పెద్దన్న. ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోందంటే మా విభాగాధిపతి చెంగయ్య గారికి పూనకం వచ్చేది. గోడలకు సున్నం, మిషన్లకు పచ్చరంగు, పొద్దున ఒక ల్యాబ్‌లో చూపించిన పరికరం టీ తర్వాత ఇంకో ల్యాబ్‌లో కొత్త నంబరు వేసుకుని ప్రత్యక్షం. అలా ఒక ఏడాది హీట్ ల్యాబ్‌లోని రెండు డిమ్మర్‌స్టాట్లలో ఒకటి, అంటే హీటరుకు కరెంటు పెంచి తగ్గించే డబ్బా, ఎలక్ట్రికల్ ల్యాబ్‌కు తరలింది. కమిటీ మెచ్చుకుని వెళ్లిపోయింది. డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది. హజరత్తయ్య అడగలేదు. అతని ప్రయోగాలకు అదెందుకు?

అది ఎందుకో చెప్పాలి. గార్డెడ్ హాట్ ప్లేట్ అనే పరికరంలో మధ్యన ఒక హీటరు పలక ఉంటుంది. పరీక్షించే పదార్థంతో చేసిన ఒకే రకం పలకలు రెండు, హీటరుకు పైనొకటి కిందొకటి పెడతారు. వాటి అవతల చల్లని నీళ్లు పారే పలకలు. మధ్య హీటరు చుట్టూ ఇంకో హీటరు, వలయంలాగా. దాన్నే గార్డు అంటారు. గార్డును కూడా సరిగ్గా మధ్య హీటరంత వేడిగా ఉంచితే మధ్యలోని వేడి పక్కలకు పోదు. పోయేదంతా పలకల గుండానే పోతుంది. అప్పుడే లెక్క నిలుస్తుంది. రెండు హీటర్లకూ విడివిడిగా డిమ్మర్‌స్టాట్ కావాలి. ఒకటే మిగిలింది కాబట్టి హజరత్తయ్య దాన్ని మధ్య హీటరుకు తగిలించి, గార్డు వైరును బల్ల కిందికి వేలాడదీశాడు. ఏళ్ల తరబడి అలాగే వేలాడింది.

అలాంటి ల్యాబ్‌కు బోగోలు నుంచి మౌలా వచ్చాడు.

మౌలా పడవలకు ఐసు పెట్టెలు చేసేవాడు. కొబ్బరి పీచును జిగురుతో ఒత్తి పలకలు చేసి చెక్కపెట్టెల్లో దిగ్గొట్టేవాడు. చేపల ఎగుమతి కంపెనీ ఒకటి ఆ పెట్టెలు చూసి ముచ్చటపడింది. పలక వేడిని ఎంత ఆపుతుందో ఏదైనా కాలేజీలో పరీక్ష చేయించి పంపిస్తే ఏడాది పొడుగునా అతనితోనే చేయించుకుంటామంది. థర్మోకోల్ పెట్టెలు వచ్చి పడ్డాక మౌలా దుకాణం ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. ఈ ఆర్డరు వస్తే దుకాణం నిలుస్తుంది, లేకపోతే మూత. అతను దాచుకోకుండా చెప్పాడు. వెంట కూతురు ఖుర్షీదా కూడా వచ్చింది.

హజరత్తయ్య కొబ్బరిపీచు పలకకు టేబుల్లో 0.05 ఉందని చూసుకుని అప్పుడే రిపోర్టు రాయబోయాడు. మౌలా కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చున్నాడు. "మా పలక ఎట్ట చేస్తాదో చూసి పోతాం సార్. మీరు కానీండి" అన్నాడు. ఖుర్షీదా ఫోను తీసి మీటర్ల ఫోటోలు తీయడం మొదలెట్టింది. పాపం హజరత్తయ్యకు స్విచ్చి వేయక తప్పలేదు. థర్మామీటర్లు కదలకుండా నిలిచేదాకా ఆగి లెక్క కట్టక తప్పలేదు. అతని జీవితంలో మొదటి నిజమైన రీడింగు అదే అనుకుంటాను. 0.09 వచ్చింది. ఈ అంకె ఎంత పెద్దదైతే ఐసు అంత త్వరగా కరుగుతుందని అర్థం.

రిపోర్టు వెళ్లింది. కంపెనీలో కొనుగోళ్లు చూసే తిమోతి గారు మెయిల్ పంపాడు. పుస్తకాల్లో 0.05 ఉంది, మీకు దాదాపు రెట్టింపు ఎందుకు వచ్చింది, వివరించండి అని. చెంగయ్య గారు హజరత్తయ్యను పిలిచి, "మన మిషను మీదికి రాకుండా రాయి. కమిటీ మళ్లీ వస్తా ఉండాది" అన్నాడు.

హజరత్తయ్య రాశాడు. ఇంగ్లీషు బాగానే రాస్తాడు, అబద్ధాన్ని బరువుగా రాయడం అతనికి చేతనవును. పలకల్లో తేమ ఎక్కువగా ఉందనీ, తేమ వేడిని త్వరగా పోనిస్తుందనీ, ఒత్తడంలో నాణ్యత లోపించిందనీ, అందుకే విలువ టేబుల్‌ను దాటిందనీ తేల్చాడు. తేమ మాట పూర్తి అబద్ధం కాదు, సముద్రపు గాలికి ఏ పీచైనా కాస్త తేమ పీలుస్తుంది. దానితో అంకె కొంచెం పెరుగుతుంది. రెట్టింపు కాదు. చిన్న నిజాన్ని ముందు నిలబెట్టి పెద్ద అబద్ధాన్ని దాని వెనక దాచాడు.

నాలుగు రోజులకు మౌలా, కంపెనీ తనకు పంపిన ఆ జవాబు కాగితం పట్టుకుని వచ్చాడు. హజరత్తయ్య లేకపోతే నా ల్యాబ్‌లోకి వచ్చి కూర్చున్నాడు.

"పలకలు రొట్టెల బట్టీ పైన ఆరబెట్టి తెచ్చినామమ్మా. తడి ఉందంటే నమ్మమంటారా? మా వాళ్ల ముందర నేను దొంగనైపోయినాను" అన్నాడు.

నేను మౌలాను వెంటబెట్టుకుని హీట్ ల్యాబ్‌లోకి వెళ్లాను. బల్ల కిందికి వేలాడుతున్న వైరు కనబడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, వంగితే చాలు. అంతలో హజరత్తయ్య వచ్చాడు. వైరు చేత్తో పట్టుకుని, "ఇదేంది?" అన్నాను.

"గార్డుది మేడం."

"గార్డు చల్లగా ఉంటే ఏమవుతుంది?"

"మధ్యలోని వేడి దానికి పోతాది. మనం ఆ వేడి కూడా పలకలోనుంచి పోయినట్టే కడతాం. అంకె పెద్దదవుతాది." గడగడా అప్పజెప్పాడు.

"నీకు తెలుసా?"

"తెలీకుండా ఎట్ట ఉంటాది మేడం. ఎవురూ అడగలా."

తెలియని వాణ్ణి క్షమించవచ్చు. అన్నీ తెలిసి టేబుల్ నీడన కూర్చున్న ఇతన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట మౌలా ఎదుటే అనేశాను. "గ్లోబు మోయడమే నేర్చుకున్నావు. ఇవాళైనా ఒకసారి తిప్పి చూడు" అన్నాను.

అతను బయటికి వెళ్లి, ఎలక్ట్రికల్ ల్యాబ్ నుంచి డబ్బాను ఎత్తుకొచ్చాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. గార్డుకు తగిలించి, గార్డూ మధ్య హీటరూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా సర్దుతూ నిలబడ్డాడు. మౌలా అదే కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రానికి 0.057 వచ్చింది.

ఆ రోజే హజరత్తయ్య తిమోతి గారికి రెండో మెయిల్ పంపాడు. చెంగయ్య గారికీ, ప్రిన్సిపాల్‌కూ నకళ్లు పెట్టాడు. నేను చదివాను. మొదటి పరీక్షలో గార్డు హీటరుకు కరెంటే లేదని, కారణం ఇన్‌స్పెక్షన్ కోసం పరికరం తరలించడమని, అది తనకు తెలుసునని, పలకను తప్పు పట్టడం తన తప్పని రాశాడు. ఇప్పటి విలువ కూడా టేబుల్ కంటే కాస్త ఎక్కువే ఉండటానికి కారణాలు చెప్పాడు. టేబుల్లోది ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టిన పలకను ఇంకా చల్లని ఉష్ణోగ్రతల దగ్గర చూసిన విలువ. మనది కోస్తా గాలిలో ఉన్న పలక, మనం పరీక్షించిన వేడి ఎక్కువ, పీచును ఒత్తిన గట్టితనం కూడా అదే కానక్కర్లేదు. ఆ మేరకు తేడా సహజం, ఐసు పెట్టెకు ఈ పలక బాగా పనికొస్తుంది అని ముగించాడు. ఒక్క మాట వంకరగా లేదు. ఇంత బాగా రాయగలిగిన మనిషి ముప్పై ఏళ్లు ఏం చేశాడని ఇంకా కోపం వచ్చింది.

చెంగయ్య గారు మర్నాడు అతనికి మెమో ఇచ్చాడు. అది ఊహించిందే. అందరం తిమోతి గారి జవాబు కోసం చూశాం. అది రెండు వాక్యాలే వచ్చింది. "ఒకే పలక గురించి, ఒకే మనిషి, వారంలో రెండు రకాలుగా రాశారు. మీ ల్యాబ్ రిపోర్టులు మేం తీసుకోలేం, థర్మోకోల్ పెట్టెలకు ఆర్డరు ఇచ్చేశాం."

హజరత్తయ్య దాన్ని మౌలాకు తెలుగులో చెప్పాడు. ఇంకో కాలేజీలో చేయిద్దాం, నేనే వెంట వస్తాను అన్నాడు. ఖుర్షీదా అతని వంక చూడకుండా పలకలు సంచిలో పెట్టుకుంది.

"మీరు అబద్ధం రాసినప్పుడు వాళ్లు నమ్మినారు సార్," అన్నాడు మౌలా లేస్తూ. "నిజం రాస్తే నమ్మలా. ఇంక మీరు వచ్చి ఏం చెప్తారు?"

దుకాణం ఆ ఏడే మూతపడింది. మౌలా ఇప్పుడు హార్బర్లో ఎవరిదో థర్మోకోల్ పెట్టెలకు మూతలు అతికిస్తున్నాడని విన్నాను.

హజరత్తయ్య రిటైరయిన రోజు సభ పెట్టారు. చెంగయ్య గారు శాలువా కప్పి, మైకులో, "ఈయన ల్యాబ్‌లో ఏనాడూ ఒక్క రీడింగు టేబుల్ దాటలేదు" అని మెచ్చుకున్నాడు. హజరత్తయ్య తలెత్తి, "ఒకటి దాటినాది సార్" అన్నాడు. అతని ముందు మైకు లేదు. ముందు వరుసలో నాకొక్కదానికే వినబడింది. మిగతా హాలంతా చప్పట్లు కొట్టింది.